ఎల్‌సీ ఉంది, డబ్బు రాలేదు: కొనుగోలుదారుకు ఏమని రాయాలి?

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒకాయన జులై ఆఖరున ఫోన్ చేశారు. "గురువుగారూ, సరుకు చిట్టగాంగ్ చేరి రెండు వారాలైంది. ఎల్‌సీ మీద పంపిన సరుకే. అయినా వాళ్ల బ్యాంకు డబ్బు ఆపేసింది. డాక్యుమెంట్లలో ఏవో డిస్క్రెపెన్సీలు ఉన్నాయంట. పార్టీకి ఉత్తరం రాసి పడేశాను. ఒకసారి చూస్తారా?" అన్నారు.

ఉత్తరం వాట్సాప్‌లో వచ్చింది. అసలు ఉత్తరం ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగులో చెబితే దాని సారం ఇది: "అయ్యా, సరుకు క్షేమంగా మీ రేవుకు చేరింది. మీ బ్యాంకు చిన్న చిన్న అభ్యంతరాలు చెప్పి డబ్బు ఆపింది. దయచేసి మీరు వెంటనే ఎల్‌సీని సవరించి విడుదల చేయించండి. మన మధ్య ఇబ్బంది ఏదైనా ఉంటే మాట్లాడి సర్దుకుందాం. తప్పక సహకరించగలరు."

చదవడానికి మర్యాదగానే ఉంది. కానీ ఈ ఉత్తరం అందుకున్న కొనుగోలుదారు ఏం చేయాలో ఆయనకే తెలియదు. ఆయన తన బ్యాంకు మేనేజరుకు ఫోన్ చేసి "ఆ సరుకు మాదే, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. మన ఆయనకు "బ్యాంకుకు చెప్పేశాం" అని జవాబిచ్చాడు. ఇద్దరూ పని అయిపోయిందనుకున్నారు. పది రోజులు గడిచాయి. డబ్బు రాలేదు, కంటెయినర్ రేవులో కదల్లేదు.

ఎగుమతి డాక్యుమెంట్లు చూసే పనిలో ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ ఎదురవుతాయి. రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. డబ్బు ఎవరి చేతిలో ఆగిందో, కొనుగోలుదారు చేయగలిగింది ఏమిటో స్పష్టంగా తెలియక అలా రాస్తారు. అందుకని ఈ ఒక్క కేసునే మొదటినుంచీ చెబుతాను.

ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్. కొనుగోలుదారు తరఫున అతని బ్యాంకు అమ్మకందారుకు ఇచ్చే హామీ. "నేను అడిగిన కాగితాలు, నేను చెప్పిన తీరులో, నేను చెప్పిన గడువులో నాకు ఇస్తే డబ్బు నేనిస్తాను" అన్నదే ఆ హామీ. ఇందులో సరుకు ప్రస్తావన లేదని గమనించాలి. అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన యూసీపీ 600 అనే నిబంధనలు 2007 జులై 1 నుంచి అమలులో ఉన్నాయి. దాదాపు ప్రతి ఎల్‌సీ కిందా వాటికి లోబడి ఉంటుందనే మాట కనబడుతుంది. వాటి ప్రకారం బ్యాంకులు చూసేది కాగితాలనే, సరుకును కాదు. మిర్చి ఎంత ఎర్రగా ఉన్నా, ఎంత ఘాటుగా ఉన్నా బ్యాంకుకు సంబంధం లేదు. కాగితంలో తేడా కనబడితే చెల్లించనని చెప్పే హక్కు దానికి ఉంది. ఆ తేడానే డిస్క్రెపెన్సీ అంటారు.

ఇక మన కేసులోకి వద్దాం. 25 కిలోల చొప్పున 560 బస్తాలు, అంటే 14 టన్నుల తేజ మిర్చి. టన్ను 2,400 డాలర్లు, మొత్తం 33,600 డాలర్లు. జులై 3న చెన్నైలో ఓడకెక్కింది, 17న చిట్టగాంగ్ చేరింది. కాగితాలు జులై 20న ఇక్కడి బ్యాంకులో ఇచ్చారు. అవి 25న అక్కడి బ్యాంకుకు అందాయి. 30న ఆ బ్యాంకు నిరాకరణ సందేశం పంపింది.

ఉత్తరం రాయడానికి ముందు చదవాల్సింది ఆ సందేశాన్నే. స్విఫ్ట్‌లో దాని పేరు MT734. మన ఆయన దాన్ని చూడలేదు. బ్యాంకు ఉద్యోగి ఫోన్లో చెప్పింది విని రాసేశారు. నేను బ్యాంకుకు వెళ్లి కాపీ అడిగి తెచ్చుకోమన్నాను. అందులో 77J అనే గడిలో తేడాల జాబితా ఉంటుంది. 77B అనే గడిలో కాగితాలను ఆ బ్యాంకు ఏం చేస్తోందో ఉంటుంది. ఈ రెండో గడిని ఎక్కువమంది పట్టించుకోరు. అక్కడ HOLD అని ఉంటే కాగితాలు మన తరఫున భద్రంగా ఉన్నాయి, మన ఆదేశం కోసం చూస్తున్నారని అర్థం. NOTIFY అని ఉంటే కొనుగోలుదారు ఆ తేడాలకు ఒప్పుకుని, ఆ ఒప్పుదలను తామూ అంగీకరించేదాకా, లేదా మన నుంచి వేరే ఆదేశం వచ్చేదాకా దగ్గర ఉంచుకుంటామని అర్థం. RETURN అని ఉంటే కాగితాలు వెనక్కి వస్తున్నట్టే. అలాంటప్పుడు కొనుగోలుదారును ఒప్పుదల ఇమ్మని ఉత్తరం రాయడంలో అర్థమే ఉండదు. మన కేసులో NOTIFY అని ఉంది. అంటే దారి తెరిచే ఉంది.

77J గడిలో నాలుగు తేడాలు ఉన్నాయి.

మొదటిది, కాగితాలు ఆలస్యంగా ఇవ్వడం. ఎల్‌సీ గడువు జులై 31 వరకూ ఉంది కాబట్టి 20వ తేదీన ఇవ్వడం తప్పెలా అవుతుందని మన ఆయన వాదన. కానీ ఎల్‌సీలో రెండు గడువులుంటాయి. ఒకటి ఎల్‌సీ ముగిసే తేదీ. రెండోది ఓడకెక్కిన రోజు నుంచి ఇన్ని రోజుల్లోపు కాగితాలు ఇవ్వాలన్న లెక్క. ఏమీ రాయకపోతే నిబంధనల ప్రకారం 21 రోజులు. ఈ ఎల్‌సీలో మాత్రం 15 రోజులని రాసి ఉంది. జులై 3కు 15 కలిపితే 18. షిప్పింగ్ కంపెనీ బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఒక తప్పు దిద్దించుకోవడంలో రోజులు పోయి, అసలు కాగితం చేతికి వచ్చింది 19న. రెండు రోజుల ఆలస్యం. ఇది దిద్దుకోవడానికి వీలులేని తేడా. గడిచిపోయిన రోజును ఏ కాగితం మార్చీ వెనక్కి తేలేం.

రెండోది సరుకు వర్ణన. ఎల్‌సీలో "డ్రైడ్ రెడ్ చిల్లీ తేజ స్టెమ్‌లెస్" అని ఉంది. ఇన్‌వాయిస్‌లో "ఇండియన్ రెడ్ చిల్లీ ఎస్17 వితవుట్ స్టెమ్" అని ఉంది. గుంటూరు యార్డులో ఎవరినడిగినా తేజ, ఎస్17 ఒకటేనని చెబుతారు. కానీ కాగితాలు తనిఖీ చేసే బ్యాంకు ఉద్యోగికి మిర్చి యార్డు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మిగతా కాగితాల్లో సరుకును స్థూలంగా చెప్పినా చెల్లుతుంది. ఇన్‌వాయిస్‌లో మాత్రం ఎల్‌సీలోని వర్ణనకు సరిపోయి తీరాలి. ఇది న్యాయమైన అభ్యంతరమే.

మూడోది మొత్తం బరువు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో 14,224 కిలోలు, ప్యాకింగ్ లిస్టులో 14,280. తేడా 56 కిలోలు. ఖాళీ గోనెసంచి 400 గ్రాములు. ఆఫీసులో కుర్రాడు పాత ఫైలు చూసి అర కిలో చొప్పున లెక్కేశాడు. 560 సంచులకు 100 గ్రాముల చొప్పున ఆ 56 కిలోలు వచ్చాయి. మిర్చి ఒక్క కాయ కూడా తగ్గలేదు, నికర బరువు రెండింట్లోనూ 14,000 కిలోలే. అయినా ఒక కాగితం ఇంకో కాగితాన్ని కాదంటోంది కాబట్టి ఇదీ న్యాయమైన అభ్యంతరమే.

నాలుగోది, సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్‌లో కొనుగోలుదారు వీధి పేరులో ఒక అక్షరం పోయింది. ఇది నిలబడే అభ్యంతరం కాదు. ఇలాంటి కాగితంలో చిరునామా ఎల్‌సీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలన్న నియమం లేదు, అదే దేశంలోది అయితే చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నాలుగో అభ్యంతరం చెల్లదని తెలుసు కదా, దాన్ని ఉత్తరంలోంచి తీసేద్దామా? మన ఆయన తీసేయమన్నారు. నేను వద్దన్నాను. కొనుగోలుదారు ఇచ్చే ఒప్పుదల బ్యాంకు రాసిన ప్రతి తేడానూ కప్పాలి. మూడింటికే ఒప్పుకుంటే నాలుగోది అలాగే నిలబడి ఉంటుంది, బ్యాంకు దాన్ని పట్టుకుని మళ్లీ ఆపగలదు. అది చెల్లదని వాదించాల్సింది మన బ్యాంకు, ఆ బ్యాంకుతో. కొనుగోలుదారుతో వాదించి ప్రయోజనం లేదు, తీర్పు చెప్పేది ఆయన కాదు. ఉత్తరంలో నాలుగూ రాశాం, బ్యాంకు వాడిన వరుసలోనే. నాలుగోదాని మీద వాదన మన బ్యాంకు వేరే సందేశంగా పంపింది.

మొదటి ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు "ఎల్‌సీని సవరించండి" అనడం. సవరణ అంటే ఎల్‌సీ షరతులను మార్చడం. దానికి ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకు, అమ్మకందారు ఒప్పుకోవాలి. హామీ కలిపిన ఇంకో బ్యాంకు ఉంటే అదీ ఒప్పుకోవాలి. అసలది సరుకు పంపకముందు చేయించుకోవాల్సిన పని. కాగితాలు వెళ్లి, వాటిని బ్యాంకు నిరాకరించాక కావాల్సింది వేరు. "ఈ తేడాలు ఉన్నా ఈ కాగితాలను నేను తీసుకుంటాను, డబ్బు చెల్లించండి" అని కొనుగోలుదారు తన బ్యాంకుకు రాసిచ్చే ఒప్పుదల. వాణిజ్య భాషలో వేవర్ అంటారు. సవరణ అని రాస్తే కొనుగోలుదారు సవరణ ఫారం కోసం, దాని రుసుం కోసం వెతుక్కుంటాడు. లేదంటే ఇప్పుడు సవరణ కుదరదని బ్యాంకు చెప్పిన మాటను మనకు తిప్పి పంపి ఊరుకుంటాడు.

రెండో పొరపాటు "విడుదల" అన్న మాట. దేని విడుదల? డబ్బా, కాగితాలా, కంటెయినరా? ఇక్కడ ఈ సందేహం చిన్నది కాదు. బిల్ ఆఫ్ లేడింగ్ ఆ బ్యాంకు పేర ఉంది. బ్యాంకు వెనక సంతకం పెట్టి ఇస్తే తప్ప కొనుగోలుదారు కంటెయినర్ తెరవలేడు. అమ్మకందారుకు మిగిలిన బలం ఆ కాగితమే. ఏమరుపాటున రాసిన మాటను "కాగితాలు ఇచ్చేయమని అమ్మకందారే అన్నాడు" అని ఎవరైనా చదివే అవకాశం ఇవ్వకూడదు.

మూడోది "సర్దుకుందాం". మిర్చి ధర పడిపోతున్న రోజుల్లో డిస్క్రెపెన్సీ కొనుగోలుదారు చేతిలో ఆయుధమవుతుంది. టన్నుకు యాభై డాలర్లు తగ్గిస్తే ఒప్పుదల ఇస్తానంటాడు. అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు, ఆ మాట మన ఉత్తరంలోంచే పుట్టకూడదు.

ఆగస్టు 10న పంపిన రెండో ఉత్తరం ఇది. ఇంగ్లిష్‌లో రాసినదాన్నే తెలుగులో ఇస్తున్నాను. నంబర్లు తీసేశాను. అసలు ఉత్తరంలో ఎల్‌సీ నంబరు, ఇన్‌వాయిస్ నంబరు, బిల్ ఆఫ్ లేడింగ్ నంబరు, నిరాకరణ సందేశం రిఫరెన్సు అన్నీ ఉన్నాయి. ఆ కొనుగోలుదారు అదే బ్యాంకులో మూడు ఎల్‌సీలు తెరిచాడు. నంబర్లు లేకపోతే ఏ సరుకు గురించో కూడా తెలిసేది కాదు.

"విషయం: ఈ ఎల్‌సీ కింద పంపిన 33,600 డాలర్ల డాక్యుమెంట్లలోని తేడాలకు మీ రాతపూర్వక ఒప్పుదల గురించి.

అయ్యా,

పై ఇన్‌వాయిస్ కింద 560 బస్తాల మిర్చి జులై 3న ఓడకెక్కి, 17న చిట్టగాంగ్ చేరింది. డాక్యుమెంట్లు మీ బ్యాంకుకు జులై 25న అందాయి. నాలుగు తేడాలు ఉన్నాయంటూ జులై 30న మీ బ్యాంకు చెల్లింపును నిరాకరించింది. మీ ఒప్పుదల వచ్చేదాకా డాక్యుమెంట్లు తమ దగ్గరే ఉంచుతామని ఆ సందేశంలో తెలిపింది.

ఆ తేడాలు, మా వివరణ ఇవి.

ఒకటి, డాక్యుమెంట్లు 15 రోజుల గడువు దాటి రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాం. బిల్ ఆఫ్ లేడింగ్ మాకు ఆలస్యంగా అందింది. ఇందుకు చింతిస్తున్నాం.

రెండు, ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీలో ఉన్నట్టు లేదు. పంపిన సరుకు మీరు ఆర్డరు చేసిన తొడిమ లేని తేజ ఎండుమిర్చే. ఎస్17 అనేది ఆ రకానికే ఇంకో పేరు.

మూడు, ప్యాకింగ్ లిస్టులో మొత్తం బరువు 14,280 కిలోలని పడింది. బిల్ ఆఫ్ లేడింగ్‌లోని 14,224 సరైనది. ఖాళీ సంచుల బరువు లెక్కలో జరిగిన పొరపాటు ఇది. నికర బరువు 14,000 కిలోలు, అందులో మార్పు లేదు.

నాలుగు, సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్‌లో మీ వీధి పేరులో ఒక అక్షరం తప్పింది.

మీ కస్టమ్స్ పనికి ఇబ్బంది లేకుండా సరిచేసిన ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు మా బ్యాంకు ద్వారా మీ బ్యాంకుకు పంపాం.

మీరు చేయవలసింది ఇది. పై నాలుగు తేడాలనూ అంగీకరిస్తున్నట్టు మీ బ్యాంకుకు సంతకంతో రాసివ్వండి. ఆ ఒప్పుదలను తాము అంగీకరించామనీ, ఏ తేదీన చెల్లిస్తామో కూడా మీ బ్యాంకు మా బ్యాంకుకు స్విఫ్ట్ ద్వారా తెలపాలని కోరండి. ఫోన్లో చెప్పిన మాట సరిపోదు. ఆగస్టు 13లోపు ఇది జరిగితే మీకు డాక్యుమెంట్లు వెంటనే అందుతాయి. రేవులో ఉచిత రోజులు జులై 30తో ముగిశాయి కాబట్టి ఆలస్యమయ్యేకొద్దీ కంటెయినర్ ఛార్జీలు పెరుగుతాయి.

ఎల్‌సీ సవరణ అవసరం లేదు. చెల్లింపు జరిగేవరకు డాక్యుమెంట్లు మీ బ్యాంకు ఆధీనంలోనే ఉంటాయి.

ఏ కారణంగానైనా ఒప్పుదల ఇవ్వలేకపోతే, 13లోపు ఆ మాట రాతలో తెలపండి."

ఇందులో రెండు వాక్యాల గురించి కాస్త వివరంగా చెప్పాలి.

"బ్యాంకు మా బ్యాంకుకు స్విఫ్ట్ ద్వారా తెలపాలని" అన్నది ఎందుకంటే, కొనుగోలుదారు ఒప్పుదల ఇచ్చినంత మాత్రాన బ్యాంకు చెల్లించి తీరాలని లేదు. ఒప్పుదల అడగాలా వద్దా, వచ్చినదాన్ని తీసుకోవాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. కొనుగోలుదారు ఖాతాలో డబ్బు లేకపోతే, అతని పాత బాకీలు ఎక్కువైతే, బ్యాంకు మౌనంగా ఉండిపోతుంది. "మేం ఎప్పుడో రాసిచ్చాం" అని కొనుగోలుదారు పదేపదే అంటున్నా స్విఫ్ట్‌లో ఏ సందేశమూ రావడం లేదంటే, చిక్కు కాగితాల్లో లేదు, డబ్బులో ఉందని అనుమానించాలి. అప్పుడు ఉత్తరాలు ఆపి, ఇంకో కొనుగోలుదారును చూసుకోవడం మొదలుపెట్టాలి. సంతకం చేసిన ఒప్పుదల కాపీ ఒకటి తెప్పించుకుంటే ఎవరు నిజం చెబుతున్నారో తెలిసిపోతుంది.

రెండోది ఆఖరి వాక్యం. "ఒప్పుదల ఇవ్వలేకపోతే రాతలో తెలపండి" అని రాయడానికి మన ఆయన ఒప్పుకోలేదు. "మనమే వద్దనడానికి దారి చూపిస్తున్నట్టుంది కదండీ" అన్నారు. నా అనుభవంలో కాదనే జవాబు కంటే ఏ జవాబూ రాకపోవడమే ఎక్కువ నష్టం. ఇక్కడ ప్యాకింగ్ క్రెడిట్ అప్పు మీద వడ్డీ నడుస్తుంది, అక్కడ కంటెయినర్ అద్దె ఎక్కుతుంది, వానాకాలపు తేమలో మిర్చి మెత్తబడి రంగు పోతుంది. ఎటూ తేలకపోతే వేరొకరికి అమ్ముకునే అవకాశం రోజురోజుకూ కరిగిపోతుంది. కాదన్న మాట త్వరగా వస్తే కనీసం సరుకైనా దక్కుతుంది.

బ్యాంకు తప్పు చేసినప్పుడు పద్ధతి వేరుగా ఉంటుంది. కాగితాలు అందిన రోజు మర్నాటి నుంచి ఐదు పనిదినాల్లోపు, అన్ని తేడాలనూ ఒకే సందేశంలో చెప్పి నిరాకరించాలి. ఆ గడువు దాటితే, లేదా తర్వాత తీరిగ్గా కొత్త తేడాలు జోడిస్తే, వాటిని ఎత్తిచూపే హక్కు బ్యాంకుకు పోతుంది. అలాంటప్పుడు కొనుగోలుదారును ఒప్పుదల అడుగుతూ ఉత్తరం రాస్తే, తేడాలు నిజమేనని మనమే ఒప్పుకున్నట్టు కనబడుతుంది. ముందు తేదీలు లెక్కబెట్టుకుని, మన బ్యాంకు చేత గట్టిగా సందేశం పంపించాలి. మన కేసులో 25న అంది 30న నిరాకరించారు కాబట్టి ఆ వాదనకు చోటు లేదు.

రెండో ఉత్తరం వెళ్లిన మర్నాడు కొనుగోలుదారు నుంచి ఫోన్ వచ్చింది. "మార్కెట్ పడిపోయింది భాయ్, ఆరువందల డాలర్లు తగ్గించండి" అన్నాడట. మన ఆయన నేను చెప్పినట్టే జవాబిచ్చారు. ఒప్పుదల సంగతి బ్యాంకుదీ, ధర సంగతి తర్వాతి ఆర్డరుదీ అని. అటువైపు ఫ్యాక్టరీకి సరుకు అవసరం ఉంది, రేవు ఛార్జీలు తన నెత్తినే పడుతున్నాయి. 12న సంతకం చేసిన ఒప్పుదల కాపీ వచ్చింది. 13న ఆ బ్యాంకు స్విఫ్ట్ సందేశం వచ్చింది. 16న డబ్బు జమైంది. డిస్క్రెపెన్సీ ఛార్జీ కింద 80 డాలర్లు కోసుకుని 33,520.

సెప్టెంబరులో అదే కొనుగోలుదారు ఇంకో ఎల్‌సీ పంపాడు. ఈసారి మన ఆయన సరుకు బస్తాలకు ఎత్తకముందే దాని ముసాయిదా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కాగితాల గడువు 15 రోజులు అన్నచోట 21 అని మార్పించాం. వర్ణనలో తేజ పక్కన ఎస్17 అని చేర్పించాం. ఆఫీసు కుర్రాడు గోనెసంచిని తక్కెడ మీద పెట్టి తూచి, ఆ అంకెను ఫైలు అట్ట మీద పెన్నుతో పెద్దగా రాసిపెట్టాడు.